మైక్రోబయాలజీ నోట్సును ఒక్క షీట్‌లోకి దించడం ఎలా? గ్రామ్ పాజిటివ్ కాకైతో చేసి చూద్దాం

బెంగళూరులో ఎంబీబీఎస్, ఎంఎల్‌టీ చదువుతున్న మన తెలుగు పిల్లలు ఇంటర్నల్స్ దగ్గరపడగానే అడిగేది ఒకటే. "అక్కా, మీ దగ్గర ఆర్గనిజమ్స్ టేబుల్ ఉందంట కదా, పీడీఎఫ్ పంపవా?" పంపితే తీసుకుంటారు, ఫోన్‌లో పడి ఉంటుంది, వైవాలో మాత్రం నోట్లోంచి మాట రాదు. వేరేవాళ్లు చేసిన టేబుల్‌లో ఏది ఎందుకు తీసేశారో, ఏది ఎందుకు ఉంచారో మనకు తెలియదు కదా. అందుకే పీడీఎఫ్ బదులు, మీరే ఎలా చేసుకోవాలో రాస్తున్నాను.

ఇప్పటి ఎంబీబీఎస్ సిలబస్ వల్ల దీని అవసరం ఇంకా పెరిగింది. 2019 బ్యాచ్ నుంచి మైక్రోబయాలజీని శరీర వ్యవస్థల వారీగా చెబుతున్నారు. దాంతో స్టాఫిలోకాకస్ ఆరియస్ చర్మం క్లాసులో ఒకసారి, గుండె కవాటాల క్లాసులో ఒకసారి, ఫుడ్ పాయిజనింగ్‌లో ఇంకోసారి వస్తుంది. నోట్సులో ఒకే క్రిమి నాలుగు చోట్ల ఉంటుంది, నాలుగు చోట్లా మందు వేరుగా రాసి ఉంటుంది. టేబుల్ చేసేటప్పుడు అసలు తలనొప్పి ఇక్కడే మొదలవుతుంది. అయిదో దశలో దాని సంగతి చూద్దాం.

ఏమేం కావాలి

మీ క్లాస్ నోట్సు, ఒక పాఠ్యపుస్తకం, పెన్సిల్, రెండు రంగుల పెన్నులు, నాలుగైదు ఏ3 షీట్లు. షీట్లు ఏ జెరాక్స్ షాపులోనైనా దొరుకుతాయి. ఎక్కువ కావాలంటే అవెన్యూ రోడ్డు వైపు వెళ్లినప్పుడు తెచ్చుకోండి. మందుల గడి కోసం ఐసీఎంఆర్ యాంటీమైక్రోబియల్ మార్గదర్శకాలను డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి, ఉచితమే. ల్యాప్‌టాప్‌లో స్ప్రెడ్‌షీట్ చేస్తానంటే చేయండి, కానీ మొదటి డ్రాఫ్ట్ మాత్రం పెన్సిల్‌తోనే చేయండి. స్క్రీన్ మీద గడి ఎంత రాస్తే అంత సాగుతుంది. కాగితం మీద చోటు అయిపోతుంది కాబట్టి ఏది వదలాలో తేల్చుకోక తప్పదు.

ఒక హెచ్చరిక. ఇది పరీక్షకు, వైవాకు, ల్యాబ్‌లో ఆలోచించడానికి. దీన్ని చూసి ఎవరికీ మందు రాయకూడదు, చెప్పకూడదు. డోసులు అసలు ఎక్కించకండి, అవి ఫార్మకాలజీ నోట్సులో ఉంటే చాలు.

1. ముందు గుంపు ఎంచుకోండి

సిలబస్ మొత్తానికి ఒకే టేబుల్ వద్దు. క్షయ క్రిమి పక్కన స్టాఫిలోకాకస్‌ను పెడితే సగం గడులు ఖాళీ. ఒకదానికి జీల్-నీల్సన్ రంగు, ఎల్‌జే మీడియం, వారాల తరబడి ఎదురుచూపు. ఇంకోదానికి గ్రామ్ రంగు, మర్నాటికే కాలనీలు. ఈ రెండింటి మధ్య ఎవరూ తికమక పడరు, కాబట్టి పోల్చి లాభం లేదు. ల్యాబ్‌లో ఒకదాన్ని చూసి ఇంకోటి అనుకునే ప్రమాదం ఉన్నవే ఒకే షీట్‌లో ఉండాలి.

మనం తీసుకునే గుంపు గ్రామ్ పాజిటివ్ కాకై. ఎనిమిది వరుసలు వస్తాయి: స్టాఫిలోకాకస్‌లో ఆరియస్, ఎపిడెర్మిడిస్, సాప్రోఫైటికస్, స్ట్రెప్టోకాకస్‌లో పయోజెనిస్, అగలాక్టియే, న్యుమోనియే, విరిడాన్స్ గుంపు, చివర ఎంటెరోకాకస్.

2. గడుల పేర్లు రాయండి

ఆరు నిలువు గడులు చాలు: పేరు, రంగు వేస్తే కనిపించేది, కల్చర్‌లో కనిపించేది, విడదీసే టెస్టు, జబ్బు, మొదటి వరస మందు. నోట్సులో ఉండని గడి నాలుగోది. దాన్ని మీరే కట్టాలి. ఈ క్రిమిని పక్క వరుసలోని క్రిమి నుంచి వేరు చేసేది ఏది అన్నదే ఆ గడిలో రాస్తారు.

షీట్ పైన ఒక హెడ్డింగ్ గీత వదలండి. ఎనిమిదింటికీ ఉమ్మడిగా ఉన్నవన్నీ అక్కడికే పోతాయి: గ్రామ్ పాజిటివ్, గుండ్రం, కదలవు, స్పోర్లు లేవు. ఎంటెరోకాకస్‌లో కదిలే జాతులు కొన్ని ఉన్నా, మనం చదివే ఫీకాలిస్, ఫీషియం కదలవు. "గ్రామ్ పాజిటివ్" అని ఎనిమిది సార్లు రాసే బదులు పైన ఒక్కసారి రాస్తే రెండో గడిలో చోటు మిగులుతుంది. ఆ చోటులో గుత్తులా, గొలుసులా, జంటలా అన్నది రాయొచ్చు.

ఇంకో ముందు జాగ్రత్త. ఖాళీ గడికి రెండు అర్థాలు రాకూడదు. ఆ టెస్టు ఇక్కడ అక్కర్లేకపోతే అడ్డగీత, చూసి రాయాల్సి ఉంటే ప్రశ్నార్థకం. పరీక్ష ముందు రాత్రి ఖాళీ గడి కనిపిస్తే, అది మర్చిపోయిందా కావాలని వదిలిందా అన్న టెన్షన్ ఉండదు.

3. నోట్సంతా ఒకసారి తిరగేయండి

ఇప్పుడే టేబుల్‌లో రాయకండి. క్రిమి పేరు కనిపించిన ప్రతి చోటా అంచున పెన్సిల్‌తో గుర్తు పెట్టి, పేజీ నంబర్లు మాత్రం ఒక చిత్తు కాగితం మీద రాసుకోండి. ఈ పనికి గంట పడుతుంది, విసుగు కూడా. కానీ ఇది వదిలేస్తే మొదటి క్లాసులో చెప్పిన సంగతే టేబుల్‌లోకి వస్తుంది, మిగతా మూడు క్లాసులూ పోతాయి.

4. ఒక వరుస పూర్తిగా నింపండి

న్యుమోకాకస్‌తో చేద్దాం. క్లాసులో చకచకా రాసుకున్న నోట్సు సాధారణంగా ఇలా ఉంటుంది:

"స్ట్రెప్టోకాకస్ న్యుమోనియే. గ్రామ్ పాజిటివ్, ఈటెమొన ఆకారం, జంటలు, క్యాప్సూల్, కదలదు, స్పోర్ లేదు. 5–10% కార్బన్ డయాక్సైడ్‌లో బాగా పెరుగుతుంది. బ్లడ్ అగార్ మీద ఆల్ఫా హీమోలిసిస్, మొదట గుమ్మటంలా, తర్వాత మధ్యలో గుంట, క్యారమ్ కాయిన్. ఇన్యులిన్ ఫర్మెంట్ చేస్తుంది, బైల్‌లో కరుగుతుంది, ఆప్టోచిన్ సెన్సిటివ్. క్వెలుంగ్ రియాక్షన్. 90కి పైగా సీరోటైపులు. న్యుమోలైసిన్. లోబార్ న్యుమోనియా, మెనింజైటిస్, చెవి ఇన్ఫెక్షన్, సైనసైటిస్. వ్యాక్సిన్లు. పెనిసిలిన్."

ఒక్కో మాటనూ పట్టుకుని "ఇది లేకపోతే దీన్ని పక్కదానితో పొరబడతానా?" అని అడగండి.

కదలదు, స్పోర్ లేదు: హెడ్డింగ్‌లో ఉంది, కొట్టేయండి. ఈటెమొన, జంటలు, క్యాప్సూల్: ఈ షీట్‌లో ఈ మూడూ కలిసి ఉన్నది దీనికొక్కదానికే, ఉంచండి. ఆల్ఫా హీమోలిసిస్ ఉంచాల్సిందే, కానీ అదొక్కటే సరిపోదు. విరిడాన్స్ కూడా కాలనీ చుట్టూ అదే ఆకుపచ్చ రంగు ఇస్తుంది. ఆ రెండింటినీ విడదీసేవి ఆప్టోచిన్, బైల్. న్యుమోకాకస్ ఆప్టోచిన్‌కు లొంగుతుంది, బైల్‌లో కరిగిపోతుంది. విరిడాన్స్‌కు రెండూ వర్తించవు. ఆప్టోచిన్ దగ్గర ఒక అంకె రాసుకోండి: 6 మిల్లీమీటర్ల డిస్క్ చుట్టూ జోన్ 14 మిల్లీమీటర్లు లేదా అంతకంటే ఎక్కువ ఉంటేనే సెన్సిటివ్. ఆ లోపు జోన్ వస్తే బైల్ టెస్టుతో తేల్చుకోవాలి. ఇన్యులిన్ కూడా ఇదే పని చేస్తుంది, కానీ పై రెండూ ఉన్నాక అది అదనం. తీసేయండి.

సీరోటైపులు, న్యుమోలైసిన్, వ్యాక్సిన్లు ముఖ్యమే, కానీ పోలికకు పనికిరావు. షీట్ వెనక వైపు "న్యుమోకాకస్" అని రాసి అక్కడ పెట్టండి. వదిలేస్తున్నామన్న బాధ ఉండదు, ముందువైపు ఊపిరాడుతుంది.

క్యారమ్ కాయిన్ మాటను ఉంచి, పక్కన "ఆటోలైసిస్" అని చిన్నగా రాయండి. కాలనీ మధ్యలోని ముదురు కణాలు తమ ఎంజైములతో తామే కరిగిపోవడం వల్ల ఆ గుంట వస్తుంది. పాత కల్చర్‌లో న్యుమోకాకస్ గ్రామ్ నెగెటివ్‌లా గులాబీ రంగులో కనిపించడానికి కూడా ఇదొక కారణం. బైల్‌లో కరగడం కూడా ఆ ఎంజైముల పనే. ఒక్క మాటతో మూడు గడులు కలుస్తాయి.

5. మందు గడిని జబ్బుతో కట్టండి

ఎక్కువ టేబుళ్లు పాడయ్యేది ఇక్కడే. నోట్సులో "న్యుమోకాకస్ – పెనిసిలిన్" అని ఉంటుంది. ఇంకో క్లాసులో "సెఫ్ట్రియాక్సోన్, వాంకోమైసిన్" అని ఉంటుంది. రెండూ కరెక్టే. తప్పల్లా క్రిమి పేరుకు మందును కట్టడంలో ఉంది. మందును జబ్బుకు, అంటే క్రిమి ఉన్న చోటుకు కట్టాలి.

దీనికి న్యుమోకాకస్ కంటే మంచి ఉదాహరణ ఉండదు. ఒక పేషెంట్ నుంచి తీసిన న్యుమోకాకస్‌కు పెనిసిలిన్ ఎంఐసీ మిల్లీలీటరుకు 1 మైక్రోగ్రాము వచ్చిందనుకోండి. ఇన్ఫెక్షన్ ఊపిరితిత్తుల్లో ఉండి, ఇంజెక్షన్ పెనిసిలిన్ ఇస్తున్నారంటే ల్యాబ్ రిపోర్టులో "సెన్సిటివ్" అని వస్తుంది, ఎందుకంటే అక్కడ హద్దు 2. అదే క్రిమి మెదడు పొరల్లో ఉంటే "రెసిస్టెంట్" అని వస్తుంది, ఎందుకంటే మెనింజైటిస్‌కు 0.06 వరకే సెన్సిటివ్, 0.12 నుంచి రెసిస్టెంట్. క్రిమి మారలేదు. వెన్నునీటిలోకి మందు రక్తంలో ఉన్నంతగా చేరదు కాబట్టి అక్కడ కొలబద్ద మారింది. ఇంజెక్షన్‌కు ఇది సీఎల్‌ఎస్‌ఐ పద్ధతి. మీ కాలేజీ ల్యాబ్ వేరే పద్ధతి వాడుతుంటే హద్దులు అక్కడ అడిగి రాసుకోండి.

కాబట్టి జబ్బు గడినీ మందు గడినీ కలిపి ఒకే గడిలో బాణం గుర్తుతో రాయండి:

న్యుమోనియా → అమాక్సిసిలిన్ లేదా పెనిసిలిన్
మెనింజైటిస్ → సెఫ్ట్రియాక్సోన్ + వాంకోమైసిన్, సెన్సిటివిటీ రిపోర్టు వచ్చేదాకా

స్టాఫిలోకాకస్ ఆరియస్‌కు ఇది ఇంకా అవసరం. చిన్న సెగ్గడ్డకు చీము తీసేయడమే వైద్యం, చాలాసార్లు యాంటీబయాటిక్ అక్కర్లేదు. ఫుడ్ పాయిజనింగ్‌లో మనిషిని వాంతి చేయించేది ఆహారంలో ముందే తయారైన టాక్సిన్. తిన్న ఒకటి నుంచి ఆరు గంటల్లో వాంతులు మొదలవుతాయి. అక్కడ యాంటీబయాటిక్‌కు పని లేదు, నీళ్లూ లవణాలూ ఇవ్వాలి. ఈ గడిలో "మందు లేదు" అని రాయడానికి చాలామంది భయపడతారు. రాయండి, పరీక్షలో అడిగేది అదే.

రక్తంలోకి చేరిన ఆరియస్‌కు మళ్లీ రెండు దారులు. మెథిసిలిన్‌కు లొంగేదైతే క్లాక్సాసిలిన్ లేదా సెఫజోలిన్, లొంగనిదైతే వాంకోమైసిన్. "ఎలాగూ వాంకోమైసిన్ రెండిటికీ పనిచేస్తుంది కదా, అదే రాసేద్దాం" అనుకోకండి. లొంగే రకం మీద బీటా లాక్టమ్‌లే వాంకోమైసిన్ కంటే మెరుగ్గా పనిచేస్తాయి. ఆ తేడా చూపించడానికి, బాణం మొదట్లో సెఫాక్సిటిన్ డిస్క్ అని రాయండి. ల్యాబ్‌లో ఎంఆర్‌ఎస్‌ఏను పట్టుకునేది మామూలుగా దానితోనే.

పాత బ్యాచ్ నోట్సు నుంచి మందులు ఎత్తి రాయకండి. కల్చర్ గుణాలు ముప్పై ఏళ్లయినా అలాగే ఉంటాయి, మందులు ఉండవు. టైఫాయిడ్‌కు సిప్రోఫ్లాక్సాసిన్, గనేరియాకు పెనిసిలిన్ అని రాసి ఉన్న జెరాక్స్ కట్టలు ఇప్పటికీ పీజీ హాస్టళ్లలో చేతులు మారుతున్నాయి. అందుకే మందు గడిని వేరే రంగు పెన్నుతో రాసి, పైన ఏ సంవత్సరం మార్గదర్శకాలు చూశారో రాయండి. ఏడాది తర్వాత ఆ రంగువి మాత్రమే సరిచూసుకుంటే చాలు.

6. మిగతా వరుసలు నింపండి

ఎనిమిదీ నేనే రాసిస్తే మళ్లీ పీడీఎఫ్ పంపినట్టే అవుతుంది. నాలుగు ఇస్తున్నాను, మిగతా నాలుగూ మీవి.

| పేరు | రంగు వేస్తే | కల్చర్‌లో | విడదీసే టెస్టు | జబ్బు → మందు |
|---|---|---|---|---|
| స్టాఫిలోకాకస్ ఆరియస్ | గుత్తులు | బంగారు పసుపు కాలనీలు, ఎక్కువగా బీటా హీమోలిసిస్. మానిటాల్ సాల్ట్ అగార్‌పై పసుపు | కెటలేజ్ +, కోయాగ్యులేజ్ + | సెగ్గడ్డ → చీము తీయడం. రక్తంలో → క్లాక్సాసిలిన్ లేదా సెఫజోలిన్, ఎంఆర్‌ఎస్‌ఏ అయితే వాంకోమైసిన్. ఫుడ్ పాయిజనింగ్ → యాంటీబయాటిక్ లేదు |
| స్ట్రెప్టోకాకస్ పయోజెనిస్ | గొలుసులు | చిన్న కాలనీ, చుట్టూ పెద్ద బీటా జోన్ | కెటలేజ్ −, బాసిట్రాసిన్ సెన్సిటివ్, పీవైఆర్ + | గొంతు నొప్పి → పెనిసిలిన్ లేదా అమాక్సిసిలిన్. నెక్రోటైజింగ్ ఫేసియైటిస్ → సర్జరీ, పెనిసిలిన్ + క్లిండామైసిన్ |
| స్ట్రెప్టోకాకస్ న్యుమోనియే | ఈటెమొన జంటలు, క్యాప్సూల్ | ఆల్ఫా, క్యారమ్ కాయిన్ | కెటలేజ్ −, ఆప్టోచిన్ సెన్సిటివ్, బైల్‌లో కరుగుతుంది | పైన రాసినవే |
| ఎంటెరోకాకస్ | జంటలు, పొట్టి గొలుసులు | ఎక్కువగా హీమోలిసిస్ లేదు, 6.5% ఉప్పులోనూ పెరుగుతుంది | కెటలేజ్ −, బైల్ ఎస్కులిన్ నలుపు, పీవైఆర్ + | మూత్రంలో ఇన్ఫెక్షన్ → లొంగితే ఆంపిసిలిన్ లేదా అమాక్సిసిలిన్; సెఫలోస్పోరిన్ ఒంటరిగా పనిచేయదు |

పీవైఆర్ రెండు వరుసల్లో పాజిటివ్ అని గమనించారా? అంటే ఆ టెస్టు ఒక్కటే ఆ రెండింటినీ విడదీయదు. పయోజెనిస్ బీటా, ఎంటెరోకాకస్ ఉప్పులో పెరుగుతుంది, విడదీసేవి అవి. ఒకే జవాబు రెండు వరుసల్లో వచ్చిన ప్రతిచోటా రెండో టెస్టు ఉందో లేదో చూసుకోండి.

మిగతావాటికి దారి మాత్రం చెబుతాను. ఎపిడెర్మిడిస్, సాప్రోఫైటికస్ రెండూ కోయాగ్యులేజ్ నెగెటివ్. వాటి మధ్య తేడా నోవోబయోసిన్‌తో తెలుస్తుంది, లొంగనిది సాప్రోఫైటికస్. అగలాక్టియే బీటాయే, కానీ బాసిట్రాసిన్‌కు లొంగదు, క్యాంప్ టెస్టు పాజిటివ్. దాని ముఖ్యమైన జబ్బులు పురిటి బిడ్డలవి, కాబట్టి జబ్బు గడి అక్కడినుంచే మొదలుపెట్టండి.

మామూలుగా జరిగే తప్పులు

బాసిట్రాసిన్, ఆప్టోచిన్, నోవోబయోసిన్ డిస్కులను వైద్యం మందులనుకుని చివరి గడిలో రాయడం చాలా టేబుళ్లలో చూశాను. అక్కడ అవి క్రిమిని గుర్తుపట్టడానికి మాత్రమే వాడే డిస్కులు. నాలుగో గడి దాటి రానివ్వకండి.

ఆల్ఫా, బీటాలను అక్షరాలుగా బట్టీ పట్టి, ప్లేటు చేతికిస్తే చెప్పలేకపోవడం ఇంకోటి. గడిలో "ఆల్ఫా" పక్కన "ఆకుపచ్చ", "బీటా" పక్కన "తేట" అని రాయండి. ప్లేటును వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే బీటా చోట వెనకున్న అక్షరాలు కనిపిస్తాయి.

కెటలేజ్ గడి దగ్గర ఒక చిన్న హెచ్చరిక ఉండాలి. బ్లడ్ అగార్ నుంచి కాలనీ తీస్తూ కింది మీడియాన్ని కూడా గీకితే, ఎర్ర రక్తకణాల్లో ఉన్న కెటలేజ్ వల్ల హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో బుడగలు వస్తాయి. స్ట్రెప్టోకాకస్ కాస్తా స్టాఫిలోకాకస్ అయిపోతుంది. ప్రాక్టికల్‌లో ఇలా తప్పు దారి పడితే తర్వాత చేసే టెస్టులన్నీ వృథా.

సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోండి

మొదటి పరీక్ష: పేరు గడి మీద స్కేలు పెట్టి మూసి, ఏదో ఒక వరుస చదవండి. పేరు చెప్పగలిగితే ఆ వరుస బాగుంది. రెండు పేర్లు తడితే విడదీసే టెస్టు గడిలో ఏదో లోపించింది. ఏదీ తట్టకపోతే మీరు గుర్తులు మరీ కుదించారు, ఒకటి రెండు మాటలు పెంచండి.

రెండోది: టేబుల్ మాత్రమే చూస్తూ చెట్టు గీయండి. గ్రామ్ పాజిటివ్ కాకై, కింద కెటలేజ్, దాని పాజిటివ్ కొమ్మకు కోయాగ్యులేజ్, నెగెటివ్ కొమ్మకు హీమోలిసిస్, అలా కిందికి. ఎనిమిది కొసలకూ ఎనిమిది పేర్లు రావాలి. ఒక కొస దగ్గర రెండు పేర్లు మిగిలితే మళ్లీ నాలుగో గడే సరిచేయాలి.

మూడోది రూమ్మేట్‌తో చేయాలి. మీరు కేసు చెప్పండి, వాళ్లు మీ టేబుల్ చూసి జవాబు చెప్పాలి. ఉదాహరణకు: "మూత్రం గొట్టం ఉన్న పెద్దాయన, జ్వరం. మూడు రోజులుగా సెఫ్ట్రియాక్సోన్ ఇస్తున్నా తగ్గలేదు. కల్చర్‌లో గ్రామ్ పాజిటివ్ కాకై, కెటలేజ్ నెగెటివ్, బైల్ ఎస్కులిన్ నలుపు." ఎంటెరోకాకస్ అని పేరు చెబితే సగమే వచ్చినట్టు. "సెఫ్ట్రియాక్సోన్ ఎందుకు పనిచేయలేదు, ఇప్పుడేం ఇవ్వాలి?" అన్నదానికి కూడా మీ గడి జవాబివ్వాలి. మీరు పక్కనుంచి నోటితో వివరించాల్సి వచ్చిందంటే, వివరించిన ఆ మాటే గడిలో లేనిది. అక్కడికక్కడే పెన్సిల్‌తో రాయండి.

మూడూ అయ్యాకే ఇంకుతో తిరగరాయండి. ఏ3ని ఏ4గా జెరాక్స్ తీయించాలంటే 71 శాతానికి తగ్గించమని చెప్పండి. మరీ చిన్న అక్షరాలు, ముఖ్యంగా ప్లస్ మైనస్ గుర్తులు, ఆ సైజులో అలుక్కుపోతాయి. వాటిని ముందే కాస్త పెద్దగా రాసుకుంటే కాపీలో కూడా చదవడానికి వీలుగా ఉంటుంది.